క్యారమ్స్ గ్రూపుకి ఏ రేటింగు పెట్టుకోవాలి: గెలుపు శాతమా, లీగ్ పాయింట్లా, ఎలోనా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో శని, ఆదివారాలు సాయంత్రం ఆరు దాటాక క్యారమ్స్ నడుస్తుంది. సముద్రం గాలికి బోర్డు చెమ్మగిల్లి పౌడరు ముద్దకట్టేస్తుంది కాబట్టి మొదటి పావుగంట దాన్ని తుడవడానికే సరిపోతుంది. మొత్తం ఎనిమిది మందిమి. రిటైరైన లెక్కల మాస్టారు, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే బాబాయ్, మూడో అంతస్తు పిన్ని, ఆంధ్రా యూనివర్సిటీలో చదివే చిన్నోడు, ఇంకా మా నలుగురం. గోడకి ఒక తెల్లబోర్డు వేలాడదీసి ఎవరెన్ని గెలిచారో రాయడం మొదలుపెట్టిన నెలకే, "మొదటి స్థానం ఎవరిది?" అనే దగ్గర మాటలు పెరిగాయి. ఆ గొడవ తీర్చే పని నాకు అప్పజెప్పారు. అప్పుడు ఒక్కో పద్ధతీ వాడి చూశాను. ఐదు నుంచి పదిహేను మంది దాకా ఉండి, వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆడుకునే గ్రూపుకి ఏది సరిపోతుందో, ఆట అవగానే లెక్క ఎలా వేయాలో అదే అనుభవంతో చెబుతున్నాను.

## గెలుపు శాతం ఎందుకు నిలబడలేదు

అందరికీ మొదట తట్టేది ఇదే. ఆడినవాటిలో ఎన్ని గెలిచారో శాతం కట్టేయడం. మాస్టారు ఎప్పుడూ బాబాయితోనే ఆడతారు, ఇద్దరూ గట్టివాళ్లే. ఇరవై ఆటల్లో పన్నెండు గెలిస్తే మాస్టారిది 60 శాతం. అదే ఇంకొకాయన ఆదివారం మధ్యాహ్నం పిల్లలతో పది ఆటలాడి ఎనిమిది గెలిస్తే 80 శాతం. బోర్డు మీద ఆయన పేరే పైన. ఎవరి మీద గెలిచారన్నది ఈ లెక్కకి కనపడదు. మూడు ఆటలు ఆడి మూడూ గెలిచిన మనిషి నూటికి నూరు శాతంతో నెలంతా బోర్డు ఎక్కి కూర్చోవడం ఇంకో చోద్యం. ఇంకో ఆట ఆడితే ఆ నూరు పోతుంది కాబట్టి ఆయన ఆడనే ఆడడు.

అందుకని గెలుపుకి రెండు పాయింట్లు, ఓటమికి సున్నా అని లీగ్ పద్ధతి పెట్టాం. ఇక్కడ దెబ్బ బాబాయికి తగిలింది. షిఫ్టులు మారే ఉద్యోగం కాబట్టి నెలలో సగం వారాంతాలు ఆయన రాలేరు. ప్రతి వారం వచ్చి సగం ఓడిపోయేవాడికి కూడా ఆయనకంటే ఎక్కువ పాయింట్లు వచ్చాయి. అది ఆట లెక్క కాదు, హాజరు పట్టీ.

అయితే లీగ్ పద్ధతిని తీసిపారేయకండి. అందరూ అందరితో సమానంగా ఆడేలా పట్టుపట్టి నడపగలిగితే దాన్ని మించినది లేదు. ఎనిమిది మంది ఒక్కొక్కరితో ఒక్కోసారి ఆడితే మొత్తం 28 ఆటలు. సంక్రాంతి సెలవుల్లో మూడు రోజుల టోర్నీకి అది చక్కగా సరిపోతుంది. ఎవరికీ సూత్రాలు వివరించే పని కూడా ఉండదు. ఏడాది పొడవునా, ఎవరు దొరికితే వాళ్లతో ఆడుకునే గ్రూపుకి మాత్రం పనికిరాదు.

నిచ్చెన పద్ధతి గురించి కూడా అడుగుతారు. పేర్లు వరసగా రాసి, కింద ఉన్నవాడు పైవాడిని సవాలు చేసి గెలిస్తే ఇద్దరి స్థానాలూ మార్చడం. కాగితం తప్ప ఏమీ అక్కర్లేదు. కానీ ఒక్క అదృష్టపు ఆటతో స్థానాలు తారుమారవుతాయి, డబుల్స్‌కి అసలు దారి లేదు. ఇద్దరిద్దరే ఆడే చిన్న గ్రూపుకైతే ఫరవాలేదు.

## ఎలో: పందెం కట్టినట్టు

మేము చివరికి స్థిరపడినది ఎలో పద్ధతి మీద. చాలామంది దీన్ని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి ఏదో పొడవాటి పేరుకి పొట్టిరూపం అనుకుంటారు. కాదు, అది ఒక మనిషి పేరు. అర్పాద్ ఎలో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసరు, చెస్ ఆటగాడు. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. చెస్ కోసం పుట్టినా దానికి చెస్‌తో పనేమీ లేదు. ఇద్దరు ఆడి ఒకరు గెలిచే ఏ ఆటకైనా నడుస్తుంది.

సూత్రం చూసి భయపడేవాళ్లకి నేను దాన్ని పందెంలా చెబుతాను. ఒక్కొక్కరి దగ్గర ఉన్న పాయింట్లే వాళ్ల రేటింగు. ప్రతి ఆటకీ మధ్యలో ఒక గిన్నె పెట్టి అందులో ఇద్దరూ కలిపి 32 పాయింట్లు వేయాలి. ఎవరెంత వేయాలన్నది గెలిచే అవకాశాన్ని బట్టి ఉంటుంది. గెలుస్తాడని అందరూ అనుకునేవాడు ఎక్కువ వేయాలి, బలహీనుడు తక్కువ వేస్తే చాలు. గెలిచినవాడు గిన్నె మొత్తం పట్టుకుపోతాడు. డ్రా ఉన్న ఆటలైతే చెరి సగం. ఎలో అంటే ఇంతే, తక్కినదంతా ఆ వాటా ఎంతో తేల్చే లెక్క.

వాటా ఇద్దరి రేటింగుల తేడా మీద ఆధారపడుతుంది. తేడా సున్నా అయితే చెరి 50 శాతం. తేడా 100 ఉంటే పైవాడి గెలుపు అవకాశం 64 శాతం, 200 ఉంటే 76, 300 ఉంటే 85, 400 ఉంటే 91. షీట్‌లో వేసుకునేవాళ్లకి, B2లో మీ రేటింగు, C2లో ఎదుటివాళ్ల రేటింగు ఉంటే మీ అవకాశం ఇలా వస్తుంది:

```
=1/(1+10^((C2-B2)/400))
```

ఒక ఆట పూర్తిగా వేసి చూద్దాం. అందరం 1000 దగ్గర మొదలుపెట్టాం. కొన్నాళ్లకి మాస్టారు 1140కి ఎక్కారు, చిన్నోడు 960కి దిగాడు అనుకోండి. తేడా 180. దాన్ని 400తో భాగిస్తే 0.45. పదిని ఆ ఘాతానికి ఎక్కిస్తే సుమారు 2.82. అంటే మాస్టారు 2.82 ఆటలు గెలిచే చోట చిన్నోడు ఒకటి గెలుస్తాడని ఈ పద్ధతి అంచనా. అందుకని మాస్టారి అవకాశం 2.82ని 3.82తో భాగించినంత, అంటే 74 శాతం. చిన్నోడిది 26 శాతం.

గిన్నెలో మాస్టారు 32లో 74 శాతం, అంటే 23.6 వేస్తారు. చిన్నోడు 8.4 వేస్తాడు. మాస్టారు గెలిస్తే చిన్నోడి 8.4 ఆయనకి చేరి 1148 అవుతారు, చిన్నోడు 952కి దిగుతాడు. చిన్నోడు గెలిస్తే 23.6 ఎగిరి 984కి పోతాడు, మాస్టారు 1116కి జారతారు. నాలుగు ఆటల్లో మాస్టారు మూడు గెలిచి ఒకటి ఓడితే ఆయనకి వచ్చేది 25, పోయేది 24. దాదాపు ఉన్నచోటే ఉంటారు. రేటింగు చెప్పినంత ఆడితే కదలరు, అంతకంటే బాగా ఆడితేనే ఎక్కుతారు.

ఇందాకటి పిల్లల సమస్య కూడా దీనితోనే తీరిపోయింది. తనకంటే 400 తక్కువ ఉన్న పిల్లవాడిని ఓడిస్తే మూడు పాయింట్లు కూడా రావు, పొరపాటున ఓడితే 29 పోతాయి. ఆ సంగతి బోర్డు మీద చూశాక ఆదివారం మధ్యాహ్నపు ఆటలు వాటంతట అవే తగ్గాయి.

మొదట్లో నేను చేసిన తప్పు ఒకటుంది. సూత్రంలో ఎవరి రేటింగులోంచి ఎవరిది తీసేయాలో తిరగేసి రాశాను. రెండు వారాల పాటు గట్టివాళ్లు ఇంకా పైకి, చిన్నవాళ్లు ఇంకా కిందికి పోతూనే ఉన్నారు. దీన్ని పట్టుకోవడం తేలిక. గిన్నె 32 అయితే బలవంతుడు బలహీనుడి మీద గెలిచినప్పుడు 16 కంటే తక్కువే రావాలి. ఎక్కువ వచ్చిందంటే గుర్తు తిరగబడినట్టే. ఇంకో పరీక్ష కూడా ఉంది. ప్రతి ఆట తర్వాతా ఇద్దరి మొత్తం మునుపటిలాగే ఉండాలి. 1140, 960 కలిపితే 2100. 1116, 984 కలిపినా 2100.

## గిన్నె ఎంత పెద్దది?

నేను 32 అన్నది ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ సంఖ్యని కె అంటారు, మొత్తం పద్ధతిలో మనం నిజంగా ఆలోచించి ఎంచుకోవాల్సింది అదొక్కటే. ఫిడేలో కొత్త ఆటగాడికి మొదటి 30 ఆటల దాకా 40, ఆ తర్వాత 20, ఒకసారి 2400 దాటినవాళ్లకి 10. "ఫిడే వాడేదే వాడదాం, 10 పెట్టు" అని మాస్టారు పట్టుబట్టారు. అది మనకెందుకు పనికిరాదో ఆయనకి లెక్కతోనే చూపించాల్సి వచ్చింది.

ఒక మనిషి ఆట నిజంగా మెరుగుపడిందనుకోండి. రేటింగు వెంటనే అక్కడికి చేరదు, ఆట ఆటకీ కొంచెం కొంచెంగా దగ్గరవుతుంది. తనకి దాదాపు సమానమైన వాళ్లతో ఆడుతుంటే, కె 32 అయినప్పుడు ఆ దూరంలో సగం పోవడానికి సుమారు 15 ఆటలు పడతాయి. కె 16 అయితే 30 ఆటలు. కె 10 అయితే 48. మేము మనిషికి వారానికి మూడు ఆటలు ఆడతాం. అంటే కె 10తో వేసవి సెలవుల్లో నేర్చుకున్న ఆట బోర్డు మీద సగం కనపడేసరికి నాలుగు నెలలు గడుస్తాయి.

మరి కె ఇంకా పెంచేస్తే? అప్పుడు అంకెలు ఊగుతాయి. ఎవరి ఆటా మారకపోయినా, కేవలం ఈరోజు గెలుపు, రేపు ఓటమి వల్లే కె 32 దగ్గర ఒక్కొక్కరి రేటింగు అసలు విలువకి 50 పాయింట్ల దాకా అటూ ఇటూ మామూలుగానే ఊగుతుంది. కె 16 దగ్గర అది 37 దాకా తగ్గుతుంది. ఇది బోర్డు పక్కన పెద్దక్షరాలతో రాయాల్సిన మాట. బాబాయ్ 1062, పిన్ని 1038 ఉంటే బాబాయ్ మెరుగని చెప్పడానికి లేదు. ఆ 24 పాయింట్లు ఒక్క ఆటతో తారుమారవుతాయి. ఇది తెలియక రెండో స్థానం, మూడో స్థానం అని టెన్షన్ పడేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది, కానీ నవ్వితే ఆట ఆగిపోతుంది.

మనిషికి వారానికి రెండు నుంచి ఐదు ఆటలైతే 32 పెట్టుకోండి. రోజూ కూర్చునే గ్రూపైతే 16 చాలు.

దీనికి ముడిపడిన ఇంకో విషయం, ఒక "ఆట" అంటే ఏమిటో ముందే తేల్చుకోవడం. క్యారమ్స్‌లో ఒక బోర్డు గెలవడం వేరు, 25 పాయింట్ల పూర్తి గేమ్ గెలవడం వేరు. ఒక్క బోర్డులో బ్రేక్ ఎవరికొచ్చింది, రెడ్ ఎక్కడ ఆగింది అన్నవాటి పాత్ర చాలా ఉంటుంది. ఎక్కువ బోర్డులు ఆడేకొద్దీ అవి సర్దుకుని మంచి ఆటగాడే పైకి తేలతాడు. ఒకడు బోర్డుకి 60 శాతం గెలుస్తాడనుకోండి, అది 70 పాయింట్ల తేడాతో సమానం. వాళ్లిద్దరే మూడు బోర్డుల్లో రెండు గెలిచినవాడు విజేత అని ఆడితే అతని అవకాశం 65 శాతానికి చేరుతుంది, అది దాదాపు 106 పాయింట్ల తేడా. ఆటగాళ్లు వాళ్లే, చేతులు అవే, రేటింగు తేడా మారిపోయింది. అందుకని ఒక శనివారం బోర్డుల లెక్కన, ఇంకో శనివారం గేముల లెక్కన కలిపి రాస్తే ఆ అంకెలకి అర్థం ఉండదు. మేము రాత్రి ఎనిమిదిన్నరకల్లా భోజనాలకి లేవాలి కాబట్టి మూడు బోర్డుల ఆటనే లెక్కలోకి తీసుకుంటాం.

ఎంత తేడాతో గెలిచారో కూడా లెక్కలో వేద్దామని చిన్నోడు అడుగుతూనే ఉంటాడు. వద్దన్నాను. ఎదుటివాళ్లకి ఎన్ని కాయిన్స్ మిగిలాయన్నది ఆటతీరు మీద కూడా ఆధారపడుతుంది. జాగ్రత్తగా అడ్డుకుంటూ ఆడేవాడు తక్కువ తేడాతోనే గెలుస్తాడు, అంతమాత్రాన వాడి గెలుపు చిన్నదైపోదు.

## డబుల్స్ దగ్గర చిక్కు

క్యారమ్స్ గ్రూపుల్లో సగం ఆటలు డబుల్సే. ఇక్కడ ఇద్దరి రేటింగుల సగటు తీసి, దాన్ని ఒక్క మనిషి రేటింగులా వాడండి. మాస్టారు 1140, పిన్ని 900 ఒక జట్టు అయితే సగటు 1020. బాబాయ్ 1060, చిన్నోడు 960 ఇంకో జట్టు, సగటు 1010. తేడా 10, అంటే మాస్టారి జట్టు అవకాశం 51 శాతం. బాబాయి జట్టు గెలిచిందనుకుందాం. డబుల్స్‌కి నేను కె సగం చేసి 16 వాడతాను, ఎందుకంటే నలుగురు ఆడిన ఆట ఒక్కొక్కరి గురించి చెప్పేది తక్కువ. పదహారులో 51 శాతం 8.2. బాబాయికి, చిన్నోడికి చెరి 8.2 కలుస్తాయి, మాస్టారికి, పిన్నికి చెరి అంతే పోతాయి.

సగటు బదులు మొత్తం వేస్తే తేడాలు రెట్టింపవుతాయి. ఇద్దరు 1140లు ఇద్దరు 960ల మీద ఆడితే సగటు లెక్కలో గెలుపు అవకాశం 74 శాతం, మొత్తం లెక్కలో 89. ఏది నిజానికి దగ్గరో మీ నోటుబుక్కే చెప్పాలి. నలభై యాభై డబుల్స్ ఆటలు అయ్యాక, ఒక జట్టుకి 70 నుంచి 80 శాతం అవకాశం ఉందని లెక్క చెప్పిన ఆటలన్నీ ఏరండి. అందులో ఆ జట్టు నాలుగింట మూడు గెలిస్తే సగటు సరిపోతోంది. దాదాపు అన్నీ గెలిచేస్తుంటే తేడాని కొంచెం పెంచి వాడండి.

అసలు చిక్కు ఇది కాదు. మాస్టారు, పిన్ని ఎప్పుడూ జంటగానే ఆడారనుకోండి. ప్రతి ఆటకీ ఇద్దరికీ ఒకే అంకె కలుస్తుంది, ఒకే అంకె పోతుంది. వాళ్లిద్దరి మధ్య 240 తేడా ఎన్నేళ్లయినా 240గానే ఉంటుంది. పిన్ని చేయి ఎంత తిరిగినా లెక్కకి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు. ఏ సూత్రమూ దీన్ని సరిచేయలేదు, జంటలు మారడం ఒక్కటే దారి. అందుకే మేము ప్రతి సాయంత్రం చీట్లు తీసి జతలు కడతాం. మొగుడూ పెళ్లాలు ఒకే జట్టులో ఉండాలని ఇద్దరు ముగ్గురు అలిగారు గానీ, ఎదురు జట్లలో పడినప్పుడే ఆట ఎక్కువ రంజుగా ఉందని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు.

## వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు

విశాఖలో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా నేవీ కుటుంబం ఒకటైనా ఉంటుంది, రెండు మూడేళ్లకి బదిలీ కూడా ఉంటుంది. మా గ్రూపులో బాగా ఆడే ఒకాయన 1180 దగ్గర ఉండగా కొచ్చి వెళ్లిపోయారు. ఇక్కడ ఎలోలో ఒక లీకు ఉంది. గిన్నెలో వేసిందే గిన్నెలోంచి తీసుకుంటాం కాబట్టి ఎనిమిది మంది మొత్తం ఎప్పుడూ 8000. ఆయన 1180 పట్టుకుని వెళ్లాక ఏడుగురికి మిగిలింది 6820, సగటు 974. ఇప్పుడు కొత్తగా వచ్చినవాడిని 1000తో మొదలుపెడితే, ఒక్క ఆట ఆడకుండానే గ్రూపు సగటు కంటే 26 పాయింట్లు పైన కూర్చుంటాడు. కొత్తవాళ్లని అప్పటికున్న సగటు దగ్గర మొదలుపెట్టండి. లేదా అందరికీ 26 కలిపేయండి. తేడాలు మారవు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఈ పద్ధతిలో అర్థం ఉన్నది తేడాలకే. అందుకే మా 1140కి, పక్క వీధి గ్రూపు 1140కి సంబంధం లేదు. ఫిడే రేటింగుతో అసలే లేదు.

కొత్తవాళ్లకి మొదటి పది ఆటలూ కె 64 పెడతాం, తమ చోటికి త్వరగా చేరతారని. వాళ్లతో ఆడే పాతవాళ్లకి మాత్రం ఆ ఆటలో కె 16. లేకపోతే గట్టి ఆటగాడు కొత్తగా వచ్చి 974 రేటింగు పెట్టుకుని అందరి పాయింట్లూ ఊడ్చేస్తాడు, ఓడినవాళ్ల తప్పేమీ ఉండదు. ఇలా చేస్తే రెండు వైపులా కదిలే అంకె ఒకటి కాదు కాబట్టి మొత్తం కొంచెం మారుతుంది, ఇందాక చెప్పిన కూడిక పరీక్ష ఆ ఆటలకి వర్తించదు. ఏడాదికోసారి సగటుని మళ్లీ 1000కి తెస్తే సరి.

పైకెక్కినవాడు ఆడకుండా కూర్చోవడం అన్ని గ్రూపుల్లో ఉన్నదే. రాకపోతే వారానికి ఐదు పాయింట్లు కోద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. నాకు నచ్చలేదు. రానంత మాత్రాన ఆట తగ్గదు, అంకె మాత్రం అబద్ధం చెబుతుంది. తిరిగొచ్చాక ఆయనతో ఓడినవాళ్లకి ఎక్కువ పాయింట్లు పోతాయి కూడా. అంకెని ముట్టుకోకుండా, గడిచిన నెలలో నాలుగు ఆటలైనా ఆడనివాళ్ల పేరు బోర్డు మీంచి దాచేస్తాం. వచ్చి ఆడితే పేరు మళ్లీ ఎక్కుతుంది.

## రేటింగులు కాదు, ఫలితాలు దాచండి

లెక్క ఎలా వేసినా ఈ ఒక్కటి మరిచిపోవద్దు. తేదీ, ఎవరెవరు ఆడారు, ఎవరు గెలిచారు, ఇవి మాత్రమే నోటుబుక్కులో రాయండి. రేటింగులు ఎప్పుడు కావాలన్నా మొదటి ఆట నుంచి వరసగా మళ్లీ వేసుకోవచ్చు. నా తిరగబడ్డ సూత్రం బయటపడిన రోజు ఫలితాలు ఉన్నాయి కాబట్టే బతికిపోయాను. కె మార్చాలన్నా, ఎవరో ఒక ఆట తప్పుగా రాశారని తేలినా ఇదే దిక్కు. చిన్నోడు పైథాన్‌లో రాసిచ్చినది ఇంతే:

```python
def update(ra, rb, sa, k=32):
    ea = 1 / (1 + 10 ** ((rb - ra) / 400))
    d = k * (sa - ea)
    return ra + d, rb - d

print(update(960, 1140, 1))
```

`sa` అంటే మొదటి ఆటగాడి ఫలితం. గెలిస్తే 1, ఓడితే 0, డ్రా అయితే 0.5. ఇది నడిపితే ఇందాకటి ఉదాహరణలోని 983.6, 1116.4 వస్తాయి. దశాంశాలు అలాగే ఉంచి, బోర్డు మీద రాసేటప్పుడు మాత్రమే పూర్ణాంకం చేయండి.

ఆట అవగానే మార్చాలా, సాయంత్రం అయ్యాక ఒకేసారి మార్చాలా? పెద్ద తేడా లేదు. చిన్నోడు మాస్టారిని ఒకే సాయంత్రం మూడుసార్లు ఓడిస్తే, ఆట ఆటకీ మార్చే పద్ధతిలో వాడికి 23.6, 21.8, 20 చొప్పున సుమారు 65 వస్తాయి. సాయంత్రం మొదటి రేటింగులతోనే మూడూ వేస్తే 71. నేను ఆట ఆటకీ మారుస్తాను, బోర్డు మీద అంకె అప్పటికప్పుడు మారితే చూసేవాళ్లకి సరదా.

## గ్లికో, ట్రూస్కిల్ అక్కర్లేదా?

గ్లికో పద్ధతిని మార్క్ గ్లిక్‌మన్ తయారుచేశారు. దాని మెరుగైన రూపం గ్లికో-2నే లీచెస్ సైటు వాడుతుంది. ఎలో ఒక్క అంకె ఇస్తే, ఇది ఆ అంకె మీద ఎంత నమ్మకం ఉంచవచ్చో కూడా చెబుతుంది. కొత్త ఆటగాడు 1500 దగ్గర 350 అనిశ్చితితో మొదలవుతాడు. ఆడేకొద్దీ ఆ అనిశ్చితి తగ్గుతుంది, ఆడకుండా ఉంటే మళ్లీ పెరుగుతుంది. కొత్తవాళ్లకి కె 64 అని మేము చేతితో పెట్టిన ఏర్పాటు, షిఫ్టుల వల్ల రెండు నెలలు రాని బాబాయి సంగతి, రెండూ ఇందులో తమంతట అవే సర్దుకుంటాయి. కానీ ఇది ఆటల్ని కొంత కాలానికి ఒక గుంపుగా చేసి లెక్కిస్తుంది. మనిషికి సగటున 10 నుంచి 15 ఆటలున్న గుంపైతే గ్లికో-2 బాగా పనిచేస్తుందని దాన్ని తయారుచేసినాయనే రాశారు. మా వేగంతో అది దాదాపు నెల. నెలకోసారి మారే బోర్డుని సెల్లారులో ఎవరూ చూడరు. పైగా చేతితో వేసే లెక్క కాదు. ముప్పై నలభై మంది ఉండి, కొందరు నెలల తరబడి మాయమయ్యే క్లబ్బైతే మాత్రం ఎలో వదిలి దీనికి వెళ్లడం మంచిది.

ట్రూస్కిల్ మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ ఆటల కోసం చేసినది. జట్లు, ఒకేసారి నలుగురైదుగురు ఎవరికి వారుగా ఆడే ఆటలు దానికి సొంతం. ప్రతి ఆటగాడూ 25 దగ్గర, 8.33 అనిశ్చితితో మొదలవుతాడు. బోర్డు మీద చూపేది మొదటి దాంట్లోంచి రెండోదానికి మూడింతలు తీసేసిన అంకె. అందుకే కొత్తవాడికి సున్నా కనిపిస్తుంది, ఆడేకొద్దీ ఎక్కుతుంది. పైథాన్‌లో `trueskill` అనే ప్యాకేజీ సిద్ధంగా దొరుకుతుంది. మీ గ్రూపులో లూడో, రమ్మీలాంటివే ఎక్కువైతే దీన్ని చూడండి.

అలాంటి ఆట అప్పుడప్పుడూ ఆడితే ఎలోతోనే నెట్టుకురావచ్చు. నలుగురు ఆడిన ఆటని ఇద్దరిద్దరి మధ్య జరిగిన ఆరు చిన్న ఆటల్లా చూడండి, ముందు నిలిచినవాడు వెనక ఉన్నవాడిని ఓడించినట్టు. కెని మూడుతో భాగించి ఆరు లెక్కలూ ఆట మొదట ఉన్న రేటింగులతోనే వేసి చివర కలపండి. అయితే ఆ రేటింగుని క్యారమ్స్ రేటింగుతో కలపకండి. వర్షాకాలంలో కరెంటు పోయిన ఒక సాయంత్రం మేము రమ్మీ ఫలితాలు కూడా ఇదే బోర్డు మీద ఎక్కించాం. పేక చేతికి వచ్చిన అదృష్టంతో పిన్ని ఒక్క రాత్రిలో 70 పాయింట్లు ఎక్కి, తర్వాతి శనివారం స్ట్రైకర్ పట్టుకోగానే దిగడం మొదలైంది. ఆ సాయంత్రం ఆటలన్నీ నోటుబుక్కులోంచి కొట్టేసి, మొదటి నుంచి మళ్లీ లెక్క వేశాను. పిన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు.